డేట్ దగ్గరపడ్డ సరుకు రెగ్యులర్ కస్టమర్లకు తగ్గించి ఇద్దామనుకుంటున్నా, ఈ మెసేజ్ పంపొచ్చా?

తెనాలి_కిరాణా
మాది తెనాలిలో మామూలు కిరాణా షాపు. నేనూ మావారూ చూసుకుంటాం. దీపావళికి ముందు స్కీమ్ ఉందని, స్లాబ్ అందుకుంటే ఎక్స్‌ట్రా మార్జిన్ అని డీలర్ సేల్స్‌మ్యాన్ చెబితే మామూలుగా దింపేదానికి రెట్టింపు దింపాం. పండగకి అనుకున్నంత పోలేదు. ఇప్పుడు డిసెంబర్ 18. ఫ్యామిలీ ప్యాక్ బిస్కెట్లు 64, పాలలో కలుపుకునే మాల్ట్ పౌడర్ అరకిలో ప్యాకెట్లు 19, లీటర్ జ్యూస్ డబ్బాలు 24 మిగిలాయి. అన్నీ జనవరి, ఫిబ్రవరి డేట్లే. డీలర్ని అడిగితే స్కీమ్ మీద ఇచ్చిన సరుకు వెనక్కి రాదు అన్నాడు.

వాట్సాప్‌లో మా రెగ్యులర్ కస్టమర్లు 140 మంది దాకా ఉన్నారు. వాళ్లకి ఇది పంపుదామని రాసుకున్నా:

"మా ఆత్మీయ ఖాతాదారులకు ప్రత్యేక ఆఫర్! బిస్కెట్లు, మాల్ట్ పౌడర్, జ్యూస్‌లపై 30% తగ్గింపు. డేట్ దగ్గరపడినందున ఈ అవకాశం. స్టాక్ ఉన్నంత వరకే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

పంపాలంటే చెయ్యి ఆడటం లేదు. కారణం ఉంది. పోయిన ఏడాది ఇలాగే ఓట్స్ మిగిలితే నోటిమాటగా చెప్పి సగం ధరకి ఇచ్చాను. ఒకావిడ మూడు ప్యాకెట్లు తీసుకెళ్లి, ఇంటికెళ్లి చూస్తే ఇంకా 6 రోజులే ఉందట. సాయంత్రం షాపు నిండా జనం ఉన్నప్పుడు వచ్చి "డేట్ అయిపోయేవి మాకు అంటగడతారా" అని అరిచింది. డబ్బులు ఇచ్చేశాను. అయినా రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు. పన్నెండేళ్లుగా మా దగ్గరే సరుకులు తీసుకునే ఇల్లు అది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఈసారి అలా జరక్కుండా ఏం రాయాలి? ఎంత తగ్గించాలి?

నీతి_నియమం
డేట్ అయిపోయిన సరుకు అమ్మడం నేరం అండీ. పిల్లలు తినే బిస్కెట్లు. దయచేసి ఇలాంటివి చెయ్యకండి. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వస్తే షాపు మూతపడుతుంది.

తెనాలి_కిరాణా
అయిపోయినవి కాదండీ, అయిపోబోయేవి. జనవరి, ఫిబ్రవరి డేట్లు అని రాశాను కదా.

నీతి_నియమం
సరే, తొందరపడి చదివాను. కానీ మీ మెసేజ్ చదివిన కస్టమర్ కూడా నాలాగే అనుకుంటాడు. అందులో డేట్ ఎక్కడుంది?

పాత_లైన్_సేల్స్
పైన ఆయన పొరపాటుగా చదివినా అసలు పాయింటు పట్టుకున్నారు. నేను 14 ఏళ్లు డీలర్ దగ్గర లైన్ సేల్స్ చేశాను. గుంటూరు, రేపల్లె, బాపట్ల వైపు తిరిగాను. "డేట్ దగ్గరపడింది" అనే మాటకి అర్థమే లేదమ్మా. అది మూడు నెలలా, మూడు రోజులా? రాయకపోతే కొన్నవాళ్లు తక్కువే అనుకుంటారు, లేదంటే అసలు చూసుకోరు. రెండోది మీకు పోయినేడు జరిగింది.

ముందు ఒక పని చెయ్యండి. మెసేజ్ పక్కన పెట్టి ప్రతి ప్యాకెట్టూ చేతిలోకి తీసుకుని డేట్ చూడండి. ప్రతి ప్యాకెట్టూ. బాక్సు మీద డేట్ చూసి వదిలెయ్యద్దు. స్లాబ్ సరుకు ఒకేసారి దింపినా డీలర్ గోడౌన్‌లో పాత బాక్సులు, కొత్త బాక్సులు కలిపి లోడు చేస్తారు. మీరు రాక్‌లో పెట్టేటప్పుడు కొత్తవి ముందుకీ పాతవి వెనక్కీ పోయి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి అని మీరే రెండు నెలలు చెబుతున్నారంటే రెండు బ్యాచ్‌లు కలిసిపోయాయనే. బ్యాచ్ నంబర్ వారీగా విడదీసి లెక్క రాయండి. ఆ తర్వాత మాట్లాడదాం.

ఓరుగల్లు_షాపు
అన్న చెప్పింది నిజం అక్కా. మా దగ్గర గట్లనే సేమ్యాలు ఒక్క రాక్‌ల మూడు డేట్లవి దొరికినయ్. డేట్ జూడక అమ్మితిమంటే మనమే బద్నాం అయితం.

బిల్లు_రాసేవాడు
ఇంత కంగారెందుకు. బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర కొట్టించండి. అది ఉన్నాక ఎవరూ ఏమీ అడగలేరు. మా ఊళ్లో బట్టల షాపులన్నీ అలాగే నడుస్తున్నాయి.

గుంటూరు_ప్లీడరు_గుమాస్తా
అది సగమే నిజమండీ. లాయరు గారి ఆఫీసులో రోజూ వినియోగదారుల కేసుల ఫైళ్లు మోస్తాను కాబట్టి చెబుతున్నా. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతులు ఏవో రాసిన చోట ఇదీ ఉంది: లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపల వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజులు అని లెక్క. మీ ముద్ర దీన్ని చెరిపెయ్యలేదు.

అలాగని అక్క "వాపసు లేదు" అని రాయకూడదని కాదు. రెండు సంగతులు వేరు చేసి చూడాలి. డేట్ ఫలానా రోజు అని ముందే చెప్పి, అందుకే ధర తగ్గించి, కొన్నవాళ్లకి తెలిసే అమ్మితే, తర్వాత వచ్చి "డేట్ దగ్గరగా ఉంది, వెనక్కి తీసుకో" అంటే తీసుకోనక్కర్లేదు. అది లోపం కాదు, ఒప్పుకున్న విషయం. కానీ జ్యూస్ డబ్బా ఉబ్బి ఉంది, బిస్కెట్ ప్యాకెట్ సీలు ఊడి మెత్తబడింది, పౌడర్‌లో పురుగు ఉంది అంటే అది లోపమే. డేట్ ఇంకా ఉండగా అలా తేలితే డబ్బు ఇచ్చి తీరాలి. ఆ రెండో మాట కూడా మెసేజ్‌లోనే రాసెయ్యండి.

బిల్లు_రాసేవాడు
అలా రాస్తే ప్రతివాడూ ఏదో ఒక లోపం అని పట్టుకొస్తాడు.

గుంటూరు_ప్లీడరు_గుమాస్తా
రెగ్యులర్ కస్టమర్లు కదండీ. రోజూ మొహం చూసుకునేవాళ్లు అలా చెయ్యరు. చేసినా ఒకరిద్దరు. ఒకటి రెండు ప్యాకెట్ల డబ్బుతో పోతుంది.

సత్తెనపల్లి_మెడికల్స్
మా మందుల షాపులో ఇలా తగ్గించి అమ్మడం లేదు. డేట్‌కి రెండు మూడు నెలల ముందే పక్కన పెట్టి ఏజెన్సీకి వెనక్కి పంపుతాం. తీసుకోని కంపెనీలూ ఉంటాయి, అది నష్టమే. మీరు తిండి సరుకు కాబట్టి అమ్మగలుగుతున్నారు.

తెనాలి_కిరాణా
@పాత_లైన్_సేల్స్ గారూ, మధ్యాహ్నం షట్టరు సగం దించి ఇద్దరం కూర్చుని చూశాం. గంటన్నర పట్టింది. బిస్కెట్ ప్యాకెట్ల మీద డేట్ అతుకు దగ్గర మడతలో పడింది, కొన్నిటికి ఫోన్ టార్చ్ వేసి మడత విప్పితే గానీ అంకెలు కనబడలేదు. మాల్ట్ ప్యాకెట్ మీద అయితే ముద్ర చేతికి తగిలే చోట సగం చెరిగిపోయింది.

మీరన్నట్టే అయింది. బిస్కెట్లు 64 లో 41 కి జనవరి 18, మిగతా 23 కి ఫిబ్రవరి 9. మాల్ట్ 19 ఒకే బ్యాచ్, జనవరి 25. జ్యూస్ 24 అనుకున్నానా, 21 కి జనవరి 5. మిగతా మూడింటికి నవంబర్ 30 తోనే అయిపోయింది! రాక్ వెనక గోడవైపు ఉన్నాయి. చూడకుండా మెసేజ్ పంపి ఉంటే ఆ మూడూ ఎవరో ఒకరి ఇంటికి వెళ్లేవి. తలుచుకుంటే గుండె ఝల్లుమంది.

పాత_లైన్_సేల్స్
ఆ మూడూ ఇవాళే షాపులోంచి తీసెయ్యండి. డబ్బా కోసి, జ్యూస్ పారబోసి, ఆ తర్వాత ఖాళీ డబ్బా చెత్తలో వెయ్యండి. నిండు డబ్బా చెత్తలో వేస్తే ఎవరో ఏరుకుని మళ్లీ అమ్ముతారు. నా కళ్లారా చూశాను.

ముద్ర చెరిగిన మాల్ట్ ప్యాకెట్లు కూడా ఆఫర్‌లో పెట్టకండి. బాక్సు మీద డేట్ ఉంది కదా అని మీకు తెలుసు, కస్టమర్‌కి కనబడదు. కనబడని డేట్ ఉన్న ప్యాకెట్ మీద గొడవ వస్తే మీ మాట నిలబడదు.

తెనాలి_కిరాణా
అలాంటివి రెండు. తీసేశాను. మాల్ట్ 17 అనుకోండి.

ఆరోగ్య_రహస్యం
అసలు బెస్ట్ బిఫోర్ వేరు, ఎక్స్‌పైరీ వేరు. బెస్ట్ బిఫోర్ దాటినా తినొచ్చు, రుచి కాస్త తగ్గుతుందంతే. కాబట్టి డేట్ దాటిన బిస్కెట్లు కూడా ఇంకా తగ్గించి అమ్మొచ్చు. పారెయ్యడం అన్నం పారేసినంత పాపం.

పాత_లైన్_సేల్స్
తేడా ఉన్న మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని అమ్మకానికి దిగకూడదు. 2020లో వచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. అక్క దగ్గరున్న ప్యాకెట్ల మీద ఎక్స్‌పైరీ అనే ఉండి ఉంటుంది. అది దాటితే అమ్మకం లేదు. ఇంట్లో మీరు తింటారా లేదా అన్నది వేరే సంగతి.

ఆరోగ్య_రహస్యం
ఇంట్లో నేను తింటూనే ఉంటాను, నాకేం కాలేదు.

బెజవాడ_గృహిణి
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఇలాంటి ఆఫర్లు నాకు ఇష్టమే, ఎప్పుడూ వదలను. కానీ ఒకసారి సగం ధరకని మా వీధి షాపులో మ్యూస్లీ ఐదు ప్యాకెట్లు తెచ్చాను. ఇంట్లో తినేది నేనొక్కదాన్నే. రెండు అయ్యేసరికి డేట్ వచ్చేసింది, మూడు పారేశాను. లెక్క చూస్తే పూర్తి ధరకి రెండు కొనుక్కున్నా నాకు చవకే. షాపతని మీద కోపం రాలేదు కానీ ఆ తర్వాత అతను ఆఫర్ అంటే నమ్మాలనిపించలేదు. "నాలుగు తీసుకోండమ్మా, ఇంకా తగ్గిస్తా" అన్నది అతనే మరి.

పాత_లైన్_సేల్స్
ఈవిడ చెప్పింది రాసి గోడకి అంటించుకోండి. డేట్ దగ్గరపడ్డ సరుకుకి ధర ఎంత అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఒక ఇల్లు డేట్ లోపల ఎన్ని ఖాళీ చెయ్యగలదు అన్నది. అంతకు మించి ఇవ్వకూడదు, వాళ్లే అడిగినా సరే.

మాల్ట్ తీసుకోండి. కప్పుకి రెండు చెంచాలు, అంటే పాతిక గ్రాముల దాకా. పిల్లాడు రోజుకి రెండుసార్లు తాగితే 50 గ్రాములు. అరకిలో 10 రోజులు. ఈ నెల 20న ఇస్తే జనవరి 25 కి 36 రోజులుంటాయి. ఒక్క పిల్లాడున్న ఇంటికి మూడు దాకా లెక్కకి సరిపోతాయి. కానీ ఇంట్లో ఇప్పటికే విప్పిన ప్యాకెట్ ఒకటి ఉంటుంది, ఊరెళ్లిన రోజులుంటాయి. అందుకని రెండే ఇవ్వండి.

జ్యూస్ అలా కాదు. విప్పాక ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, డబ్బా మీదే రాసి ఉంటుంది. జనవరి 5 వరకు అంటే మామూలు ఇంటికి ఒకటి, మహా అయితే రెండు. క్రిస్మస్, జనవరి ఫస్టు మధ్యలో పడ్డాయి కాబట్టి చుట్టాలొచ్చే ఇళ్లు చూసి అడగండి.

హాస్టల్_వార్డెన్_విశాఖ
మా హాస్టల్‌లో 90 మంది పిల్లలు. సాయంత్రం టీతో బిస్కెట్లు. 41 ప్యాకెట్లు మాకు రెండు మూడు రోజుల పని. మీ ఊళ్లో హాస్టల్ ఎవరైనా ఉంటే ఒక్క ఫోన్‌తో పోతుంది, 140 మందికి మెసేజ్ ఎందుకు?

తెనాలి_కిరాణా
ఇది నాకు తట్టలేదండీ. మా వెనక వీధిలో లేడీస్ హాస్టల్ ఉంది, పాలు మా దగ్గరే తీసుకుంటారు.

పాత_లైన్_సేల్స్
హాస్టల్‌కి ఇవ్వండి, మంచి దారి. కానీ "మొత్తం నేనే తీసుకుంటా" అని వచ్చే ముక్కూమొహం తెలియని మనిషికి మాత్రం ఇవ్వకండి. అది పల్లెటూళ్లో చిన్న బడ్డీకి పోతుంది. అక్కడ పూర్తి ఎమ్మార్పీకి అమ్ముతారు, డేట్ దాటాక కూడా అమ్ముతారు. ఏ పిల్లాడికో కడుపులో తేడా చేస్తే ప్యాకెట్ ఎక్కడిదని వెతుక్కుంటూ మీ దగ్గరికే వస్తారు. నా లైన్‌లో ఇలాంటిది ఒకటి జరిగింది, బిల్లు పట్టుకుని షాపుకి వచ్చారు.

పద్దుల_పంతులు
ధర గురించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. ఈ బిస్కెట్లు జూలై ప్రాంతంలో ప్యాక్ అయినవి కదా? అంటే ప్యాకెట్ మీద పాత ఎమ్మార్పీ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఎంత ఉంది మీ ప్యాకెట్ మీద?

తెనాలి_కిరాణా
100. అవునండీ, పాతదే. దాని మీద 30% తీసి 70 కి ఇద్దామనుకున్నా.

పద్దుల_పంతులు
అక్కడే చిక్కు. వందలో పాత పన్ను తీస్తే 84 రూపాయల 75 పైసలు. దానికి 5 శాతం కలిపితే 89. అంటే ఇవాళ ఆ ప్యాకెట్ మామూలు ధరే 89. మీరు 70 కి ఇస్తే అది 21 శాతం తగ్గింపు, 30 కాదు. ఈ మూడు నెలల్లో జనానికి కొత్త ధరలు బాగా తెలిశాయి. మీ కస్టమర్లలో ఒక్కరు లెక్క కట్టి గ్రూపులో పెట్టినా "ఆఫర్ అని మోసం" అంటారు. శాతం మానేసి రూపాయలు రాయండి: మామూలు ధర 89, మా ధర ఇంత.

తెనాలి_కిరాణా
కానీ పంతులుగారూ, నేను కొన్నది పాత పన్నుతో కదా? 90 పెట్టి కొన్నాను. 65 కి ఇస్తే పాతిక పోయినట్టే.

పద్దుల_పంతులు
మీరు కాంపోజిషన్‌లో ఉన్నారా, రెగ్యులర్ జీఎస్టీనా?

తెనాలి_కిరాణా
రెగ్యులర్.

పద్దుల_పంతులు
అయితే మీరు కట్టిన పన్ను మీకు క్రెడిట్‌గా వచ్చేసింది. 90 లో 13.73 పన్ను. మీ అసలు ఖర్చు 76 చిల్లర. 65 కి అమ్మితే అందులో 5 శాతం పన్ను పోగా మీకు 62 మిగులుతుంది. ప్యాకెట్‌కి పోయేది 14 రూపాయలు, పాతిక కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అమ్ముడవక జనవరి 18 దాటి పారేశారనుకోండి. 76 పోతుంది. పారేసిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ కూడా వెనక్కి కట్టాలి, మరో 13.73. మొత్తం 90 పోయినట్టు. ఊరికే పంచిపెట్టినా అదే లెక్క. అందుకని ఆఖరి వారంలో 40 కి ఇచ్చినా పారెయ్యడం కంటే నయమే.

ఓరుగల్లు_షాపు
గా క్రెడిట్ వాపస్ గట్టాల్నని నాకు ఇయ్యాల్నే తెల్సింది. నేను ఎన్నిసార్లు పారేసిన్నో.

బిల్లు_రాసేవాడు
అయితే మొదటి రోజే 40 పెట్టేస్తే సరి. రెండు రోజుల్లో ఖాళీ, తలనొప్పి వదిలిపోతుంది.

పాత_లైన్_సేల్స్
వద్దు. 89 ప్యాకెట్ 40 కి అంటే మొదట వచ్చే ఆలోచన "ఇందులో ఏదో ఉంది" అని. రెండోది, పక్కనే రాక్‌లో అదే బిస్కెట్ కొత్త బ్యాచ్ 89 కి ఉంటుంది, దాన్ని నెలరోజులు ఎవరూ ముట్టుకోరు. నెల రోజులు మిగిలున్నప్పుడు పావు వంతు, పదిహేను రోజులప్పుడు సగం దగ్గరికి దిగండి. నా పద్ధతి అది.

బెజవాడ_గృహిణి
మొదటి వారంలో 65 కి కొన్నావిడ, తర్వాత వారం పక్కింటావిడ 45 కి తెచ్చుకుందని తెలిస్తే ఊరుకుంటుందా? నేనైతే ఊరుకోను. రెగ్యులర్ కస్టమర్ని అని ముందు కొన్నందుకా నాకు శిక్ష?

పాత_లైన్_సేల్స్
ముందు కొన్నావిడకి తినడానికి నెల రోజులుంది, తర్వాత కొన్నావిడకి పదే. ఆ తేడాకే ధర తేడా.

బెజవాడ_గృహిణి
మీరు చెప్పేది లెక్కకి బాగుంది. మనసుకి ఎక్కదు.

తెనాలి_కిరాణా
నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. ఒకే ధర పెట్టి, మిగిలినవి వాట్సాప్‌లో పెట్టకుండా హాస్టల్‌కి తక్కువకి ఇచ్చేస్తాను. మళ్లీ రాశాను, చూడండి:

"డిసెంబర్ 20 నుంచి 27 వరకు, మా దగ్గర ప్రతి నెలా సరుకులు తీసుకునే ఇళ్లకు మాత్రమే. ఈ కింది సరుకు ఎక్స్‌పైరీ దగ్గరలో ఉంది కాబట్టి తగ్గించి ఇస్తున్నాం.

ఫ్యామిలీ ప్యాక్ బిస్కెట్లు, బ్యాచ్ చివరి అంకెలు 418, ఎక్స్‌పైరీ 18-01-2026. ఇప్పటి ధర 89, మా ధర 65. ఇంటికి 3.
మాల్ట్ పౌడర్ అరకిలో, బ్యాచ్ చివరి అంకెలు 072, ఎక్స్‌పైరీ 25-01-2026. ఇప్పటి ధర 267, మా ధర 200. ఇంటికి 2.
జ్యూస్ లీటర్, బ్యాచ్ చివరి అంకెలు 305, ఎక్స్‌పైరీ 05-01-2026. ఇప్పటి ధర 112, మా ధర 70. ఇంటికి 2.

తీసుకునే ముందు డేట్ మీరే చూసుకోండి. ఆఫర్‌లో ఇచ్చిన సరుకు డేట్ దగ్గరుందని గానీ, అక్కర్లేదని గానీ వాపసు తీసుకోము, మార్చి ఇవ్వము. ప్యాకెట్ ఉబ్బినా, కారినా, లోపల పాడైనా బిల్లుతో తీసుకురండి, డబ్బు ఇచ్చేస్తాం. ఎక్స్‌పైరీ తేదీ దాటాక వాడకండి."

గుంటూరు_ప్లీడరు_గుమాస్తా
ఇది సరిగ్గా ఉంది. బిల్లు మీద కూడా బ్యాచ్, ఎక్స్‌పైరీ రెండు ముక్కలు చేత్తో రాసి ఇవ్వండి. మెసేజ్ ఫోన్‌లోంచి పోతుంది, బిల్లు ఉంటుంది.

నీతి_నియమం
ఇప్పుడు చదివితే నాకు అపార్థమే రాలేదు. "ఎక్స్‌పైరీ దాటాక వాడకండి" అని పెట్టినందుకు ప్రత్యేకంగా థాంక్స్.

పాత_లైన్_సేల్స్
ఒక్క మార్పు. ఫిబ్రవరి 9 డేట్ ఉన్న 23 బిస్కెట్ ప్యాకెట్లు రాక్‌లోనే ఉంటే కస్టమర్లు అవి తీసి 65 ఇస్తారు, మీరు కాదనలేరు. ఈ వారం వాటిని లోపల పెట్టండి. ఆఫర్ సరుకు కౌంటర్ పక్కన వేరే ట్రేలో, డేట్ పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి.

ఇంకోటి, పద్దు మీద ఇవ్వకండి. నగదుకే. నెలాఖరులో పద్దు తీర్చేటప్పుడు "ఆ బిస్కెట్లు మెత్తబడ్డాయి, తీసెయ్" అంటారు.

తెనాలి_కిరాణా
పద్దు మీద కొనేవాళ్లే మా రెగ్యులర్లు అన్నా. వాళ్లకి లేదంటే ఎవరికిచ్చినట్టు?

ఓరుగల్లు_షాపు
ఇయ్యి అక్కా. నెలనెలా పైసలు గట్టెటోళ్లను ఇప్పుడు నగదు దెమ్మంటే మనసు కష్టపెట్టుకుంటరు.

పాత_లైన్_సేల్స్
నేను వద్దనే అంటాను. మీ ఇష్టం.

తెనాలి_కిరాణా
డిసెంబర్ 28. ఆఫర్ నిన్నటితో అయిపోయింది, ఏం జరిగిందో చెబుతానన్నాను కదా.

బిస్కెట్లు 41 లో 34 పోయాయి, మిగిలిన 7 హాస్టల్ వాళ్లు 50 చొప్పున తీసుకున్నారు. జ్యూస్ 21 లో 18 పోయాయి. మాల్ట్ మాత్రం 17 లో 9 మాత్రమే పోయాయి. అందరూ వచ్చి చేత్తో పట్టుకుని, మా వాడు వేరే కంపెనీది తాగుతాడమ్మా అని పెట్టేశారు. ఎంత తగ్గించినా తాగని పిల్లాడి చేత తాగించలేం కదా, ఇది నేను ముందే ఆలోచించాల్సింది.

పద్దు మీద ఇచ్చాను, అన్నా. ఏమవుతుందో నెలాఖరుకి తెలుస్తుంది.

ఒక జ్యూస్ డబ్బా వెనక్కి వచ్చింది. మూలన ఉబ్బి, నొక్కితే గట్టిగా తగిలింది. డేట్ ఇంకా ఉంది. అప్పుడే 70 రూపాయలు చేతిలో పెట్టాను. మిగిలిన మూడూ తీసి అన్ని వైపులా నొక్కి చూశాను, వాటిలో ఒకటి కాస్త అలాగే అనిపించింది. మూడూ కోసి పారబోశాను.

పోయినేడు ఓట్స్ విషయంలో అరిచినావిడ కూడా వచ్చింది. ట్రే దగ్గర నిలబడి అట్టమీద డేట్ చదివి, ప్యాకెట్ మడత విప్పి అక్కడా చదివి, మూడు బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుంది. ఏమీ అనలేదు. బిల్లు మీద డేట్ రాస్తుంటే చూస్తూ నిలబడింది.

బెజవాడ_గృహిణి
ఆ చివరిది చదివి కళ్లు చెమర్చాయి అక్కా.

పాత_లైన్_సేల్స్
ఉబ్బిన డబ్బాతో పాటు అనుమానం ఉన్నవాటినీ తీసేసి మంచి పని చేశారు. ఒకే బ్యాచ్‌లో రెండు ఉబ్బాయంటే దారిలో దెబ్బతిన్న బాక్సు అయి ఉండాలి, లేదా కంపెనీ దగ్గరే తేడా. అమ్మిన 18 లో మిగతావాళ్లకి కూడా ఒక మెసేజ్ పెట్టండి, ఉబ్బితే తాగకుండా తెమ్మని. ఫొటో, బ్యాచ్ నంబర్‌తో డీలర్‌కి పంపండి. డేట్ ఉండగా ఉబ్బింది కాబట్టి ఆ క్లెయిమ్‌కి స్కీమ్ సరుకు అనే సాకు చెల్లదు, గట్టిగా అడగండి.

తెనాలి_కిరాణా
మెసేజ్ ఇప్పుడే పెట్టాను. డీలర్‌కి ఫొటోలు పంపాను, చూశాడు, జవాబు లేదు. మాల్ట్ 8 మిగిలాయి, జనవరి 25 కి ఇంకా 28 రోజులు. సంక్రాంతికి చుట్టాల పిల్లలు వస్తారు, ఒక్కొక్కటి 170 కి పెట్టి చూద్దామా అని మావారు అంటున్నారు.

పద్దుల_పంతులు
200 కి కొన్న ఆ తొమ్మిది మంది ఏమంటారో ముందు బెజవాడ అమ్మగారిని అడగండి.

బెజవాడ_గృహిణి
వాళ్లకి చెప్పే పెట్టండి. తలా 30 తర్వాతి సరుకుల్లో తగ్గిస్తానంటే నేనైతే ఒప్పుకుంటాను.